నా గురించి: సీనియర్ టెస్టర్, హనుమకొండ, 2016 సెప్టెంబర్ నుంచి 2025 అక్టోబర్ 31 దాకా

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, ఉండేది హనుమకొండలో. మొత్తం అనుభవం ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. అందులో ఐదేళ్ల ఎనిమిది నెలలు హైదరాబాద్‌లోని ఒక లాజిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో, 2020 ఫిబ్రవరి 10 నుంచి 2025 అక్టోబర్ 31 దాకా. మా టీంలో పద్నాలుగు మందిమి ఉంటే తొమ్మిది మందిని తీసేశారు, ఆ తొమ్మిది మందిలో నేనొకదాన్ని. మూడు వారాలైంది. ఇప్పుడు ఉద్యోగం లేదు, వెతుకుతున్నాను.

కొన్నాళ్లు "2020 నుంచి ప్రస్తుతం" అనే ఉంచు, ఎవరు చూస్తారులే అని ఒకరిద్దరు మంచికే చెప్పారు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో మానేసిన తేదీ పడుతుంది, కొత్త కంపెనీవాళ్లు వెరిఫికేషన్‌లో అడిగితే బయటపడుతుంది, అది ఒక సంగతి. ఇంకో సంగతి ఏంటంటే పొద్దున లేస్తే ఎదుటివాళ్ల స్క్రీన్‌లో తేదీ తప్పుందని టికెట్ వేసేదాన్ని, నా ప్రొఫైల్‌లో నేనే తప్పు తేదీ పెట్టుకుని కూర్చుంటే ఎట్లా.

ఇంటర్వ్యూలో ఎలాగూ అడుగుతారు కాబట్టి అది కూడా ఇక్కడే రాస్తున్నా. అక్టోబర్ 29న మొంథా తుఫాను వానకు హనుమకొండ, వరంగల్ నీళ్లలో మునిగాయి. మరుసటి రోజు, గురువారం మధ్యాహ్నం కాల్ వచ్చింది. మా గల్లీలో ఇంకా నీళ్లు పోలేదు, కరెంటు లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ పెట్టుకుని మేడ మెట్ల మీద కూర్చుని విన్నాను. పదకొండు నిమిషాలు. ఖర్చు తగ్గించుకుంటున్నాం, మీ ప్రోడక్ట్ మీద పని ఆపేస్తున్నాం అన్నారు, అంతే. మరుసటి రోజు సాయంత్రం ఆరింటికి యాక్సెస్ తీసేశారు. ఆ లోపు నా పేరు మీద ఉన్న ఇరవై మూడు టికెట్ల కింద ఎక్కడిదాకా చూశానో, ఇంకా ఏం చూడాలో రాసి, ఉన్న ఐదుగురిలో ఒకరికి ఫోన్ చేసి చెప్పి లాగౌట్ అయ్యాను. రిలీవింగ్ లెటర్ వచ్చింది, ఫుల్ అండ్ ఫైనల్ కూడా అయిపోయింది.

ఇక పని. మా సాఫ్ట్‌వేర్ గోదాముల్లో వాడేది, సరుకు దిగగానే కాంటా మీద పెట్టడం, బరువు స్క్రీన్ మీదికి రావడం, స్లిప్ రావడం, ట్రక్కు కదలడం. నేను చూసిన వందల బగ్గుల్లో ఒకటి చెప్తాను, నేనెట్లా పనిచేస్తానో దాంట్లోనే తెలుస్తుంది.

2022 వానాకాలంలో మేడ్చల్ దగ్గర ఒక గోదాం నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. అదే డబ్బా, పొద్దున ఒక బరువు, సాయంత్రం ఇంకో బరువు. డెవలపర్లు కాంటా చెడిపోయిందన్నారు, కాంటా కంపెనీవాళ్లు వచ్చి తూకం రాళ్లు పెట్టి చూసి కాంటా బాగానే ఉందన్నారు, నెల రోజులు టికెట్ అటూ ఇటూ తిరిగింది. ఆఫీసులో కూర్చుంటే తేలదని నేను వెళ్లి రెండు రోజులు ఆ కాంటా పక్కనే నిలబడ్డాను. హమాలీ డబ్బా తెచ్చి దబ్బున వేస్తాడు, వెనక లైను ఉంది, ఆపరేటర్ అంకె ఇంకా ఊగుతుండగానే బటన్ నొక్కేస్తాడు. అప్పుడు మా బాపు గుర్తొచ్చాడు. బాపు ఎనుమాముల మార్కెట్‌లో ముప్పై ఏళ్లు దడ్వాయి పని చేశాడు, మిర్చి బస్తాలు, పత్తి తూయడం. చిన్నప్పుడు సెలవుల్లో వెంట వెళ్తే చెప్పేవాడు: "ముల్లు నిలబడ్డంక చదువాలె బిడ్డా, ఊగేటప్పుడు చదివితే ఆసామన్నా మునుగుతడు, సావుకారన్నా మునుగుతడు." ముల్లు పోయి అంకెలొచ్చాయి కానీ సంగతి అదే. ఆ కాంటా కంప్యూటర్‌కు పంపే వరసలు పట్టి చూస్తే ఇలా ఉన్నాయి:

```
US,GS,+  41.35kg
ST,GS,+  40.90kg
```

మొదటి రెండక్షరాలే కీలకం. US అంటే బరువు ఇంకా కదులుతోంది, ST అంటే నిలబడింది. మా అప్లికేషన్ ఆ అక్షరాలను చూడకుండా బటన్ నొక్కిన క్షణంలో ఏ అంకె ఉంటే అది తీసుకుంటోంది. డబ్బాకు 450 గ్రాముల తేడా అక్కడ వచ్చింది. ST వచ్చేదాకా బటన్ పనిచేయకుండా మార్పించాం, నేను అక్కడే రికార్డ్ చేసుకొచ్చిన కాంటా వరసలతో ఒక టెస్ట్ రాశాను, కాంటా లేకపోయినా ఆ రెండు రోజుల ఊగులాటంతా ఆఫీసులో మళ్లీ నడిపి చూడొచ్చు. ఆ తర్వాత ఆ గోదాం నుంచి బరువు టికెట్లు రెండే వచ్చాయి, రెండుసార్లూ నిజంగానే కాంటా చెడిపోయింది.

అంతకుముందు, 2016 సెప్టెంబర్ నుంచి 2019 ఏప్రిల్ దాకా, హైదరాబాద్‌లోనే ఒక సర్వీసెస్ కంపెనీలో ఇన్సూరెన్స్ ప్రాజెక్టు మీద మాన్యువల్ టెస్టింగ్. వరంగల్‌లో బీటెక్, ఈసీఈ, 2016లో అయిపోయింది. ఆ ప్రాజెక్టు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, టెస్ట్ కేసు పద్ధతిగా రాయడం మాత్రం అక్కడే వచ్చింది.

2019 మే నుంచి 2020 జనవరి దాకా తొమ్మిది నెలలు ఉద్యోగం చేయలేదు. బాపుకు వెన్ను ఆపరేషన్ అయింది, ఇంట్లో నేనే ఉన్నాను. ఆ నెలల్లోనే మార్కెట్‌లో తెలిసిన అడ్తి దుకాణంలో పొద్దుటి పూట లెక్కలు చూశాను, తక్‌పట్టీలు, అంటే రైతు సరుకు అమ్మిన లెక్క చీటీలు, ఎక్సెల్‌లోకి ఎక్కించి కమీషన్, హమాలీ ఖర్చులు సరిచూడటం. లాజిస్టిక్స్ ఇంటర్వ్యూలో వాళ్లు ఎక్కువసేపు అడిగింది దాని గురించే. మేడారం జాతర అయిపోయిన సోమవారం చేరాను, నెలన్నర తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది, అప్పటి నుంచి ఎక్కువ భాగం హనుమకొండ నుంచే పనిచేశాను.

వచ్చినవి: సెలీనియంతో జావాలో ఆటోమేషన్, పోస్ట్‌మ్యాన్‌తో ఏపీఐ టెస్టింగ్, ఎస్‌క్యూఎల్ బాగా, ఆండ్రాయిడ్ యాప్‌లు అసలు ఫోన్ల మీద, అది కూడా సిగ్నల్ పోయి వచ్చే చోట. స్లో నెట్‌వర్క్‌లో డ్రైవర్ బటన్ రెండుసార్లు నొక్కితే రెండు స్లిప్‌లు పడతాయా అనేది నేను ఏ కొత్త స్క్రీన్ మీదైనా మొదట చూసే సంగతి. చివరి రెండేళ్లు ముగ్గురు జూనియర్లకు పని చూపించాను. లోడ్ టెస్టింగ్ కొద్దిగా తెలుసు, అదే ప్రధానంగా కావాలంటే నేను సరిపోను. తెలుగు, ఇంగ్లీష్, హిందీ మాట్లాడతాను, గోదాములో హిందీయే ఎక్కువ పనికొచ్చింది.

వెతుకుతున్నది సీనియర్ టెస్టర్ లేదా క్యూఏ లీడ్ పని. గోదాములు, రవాణా, వ్యవసాయ మార్కెట్లు, తూకం, బిల్లింగ్, అంటే స్క్రీన్ మీది అంకెకు బయట ఒక బస్తానో డబ్బానో ఉండే పని అయితే మరీ ఇష్టం. మడికొండ ఐటీ పార్కులో అయితే రేపు రమ్మన్నా వస్తాను. హైదరాబాద్ అయితే వారానికి రెండు రోజులు ఆఫీసుకు రాగలను, కాజీపేట నుంచి పొద్దున రైలెక్కి వచ్చి ఒక రాత్రి అక్కడే ఉండి పోవడం నాకు అలవాటే. ఐదు రోజులూ అక్కడే అంటే ప్రస్తుతం కుదరదు. జీతం మొదటి ఫోన్‌లోనే మాట్లాడుకుందాం, మూడో రౌండ్ దాకా ఎవరికీ టైం వేస్ట్ కావద్దు.

నాతో పనిచేసిన మేనేజర్, ఆ మేడ్చల్ గోదాం సూపర్‌వైజర్, ఇద్దరూ నా గురించి ఫోన్‌లో మాట్లాడటానికి ఒప్పుకున్నారు, అడిగితే నంబర్లు ఇస్తాను. నోటీస్ పీరియడ్ లేదు, డిసెంబర్ 1 నుంచి చేరగలను. జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర, అందులో రెండు రోజులు సెలవు కావాలి, ముందే చెప్తున్నా.