వార్డులో పేషెంట్లతో మాట్లాడేందుకు స్పానిష్ మాటలు: ఒంగోలు నుంచి మాడ్రిడ్ వస్తున్న సునీతకు

సునీతా, ఇవి వార్డులో నేను రోజూ వాడే మాటలే. పైకి చదువుతూ రా. త, ద మన తెలుగులో లాగే పలుకు, ట, డ వద్దు. థ అని రాసినచోట నాలుక కొస పళ్ల మధ్య పెట్టి గాలి వదులు. స అన్నా అర్థమవుతుంది, లాటిన్ అమెరికా వాళ్లు అలాగే అంటారు.

గదిలోకి వెళ్లగానే

బ్వేనోస్ దియాస్, సెన్యోరా. సోయ్ సునీత, సు ఎన్‌ఫెర్మేరా.
నమస్తే అమ్మా. నేను సునీతను, మీ నర్సును.

మగవాళ్లయితే సెన్యోర్. మధ్యాహ్నం భోజనాల తర్వాత బ్వేనాస్ తార్దెస్, చీకటి పడ్డాక బ్వేనాస్ నోచెస్.

కోమో ఆ దోర్మీదో?
నిద్ర పట్టిందాండీ?

మన దగ్గర ముసలామెను అవ్వా అంటే మురిసిపోతుంది. ఇక్కడ అబ్వేలా అని పిలవకు, చాలామందికి చిన్నతనంగా ఉంటుంది. ఈ మాటలన్నీ మీరు అనే మర్యాదలోనే రాశాను. తమను నువ్వు అనమని వాళ్లే చెప్తే అప్పుడు మార్చుకో.

నొప్పి, సూది, బీపీ

లె ద్వేలె? దోందె?
నొప్పిగా ఉందా? ఎక్కడ?

బోయ్ ఆ తోమార్లె లా తెన్సియోన్.
మీ బీపీ చూస్తాను.

అఓరా ఉన్ పించాథీతో. లె బా ఆ మొలెస్తార్ ఉన్ పొకీతో.
ఇప్పుడు చిన్న సూది. కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

రెస్పీరె ఓందో... యా ఎస్తా.
గట్టిగా ఊపిరి తీసుకోండి... అయిపోయింది.

అస్సలు నొప్పి ఉండదని మాత్రం చెప్పొద్దు. సూది గుచ్చగానే నొప్పి తెలుస్తుంది, ఆ తర్వాత నువ్వు ఏం చెప్పినా నమ్మరు. చేయబోయేది ముందే చెప్పి, చెప్పినట్టే చేస్తే చెయ్యి వాళ్లే చాపుతారు.

భయపడుతుంటే

త్రాంకీలా. ఎస్తోయ్ అకీ కోన్ ఉస్తెద్.
కంగారు పడకండి. మీ దగ్గరే ఉన్నాను.

మగవాళ్లకు త్రాంకీలో. ఈ మాట నిలబడి అనొద్దు. కుర్చీ లాక్కుని కూర్చుని, మొహంలోకి చూస్తూ అను. అంతా నయమైపోతుందని మాట ఇవ్వకు, అది మన చేతిలో లేదు. దానికి బదులు:

అబీసో ఆల్ మేదికో.
డాక్టరుగారికి చెప్తాను.

సి నెథెసీతా ఆల్గో, తోకె ఎల్ తీంబ్రె.
ఏదైనా కావాలంటే బెల్లు కొట్టండి.

అనేటప్పుడే బెల్లు వాళ్ల చేతికి అందేలా పెట్టు. పక్షవాతం వచ్చినవాళ్లయితే బాగున్న చేతి వైపు.

అఓరా మీస్మో బ్వెల్బో.
ఇప్పుడే వస్తాను.

ఇది అన్నాక తప్పకుండా వెళ్లాలి. ఆలస్యమయ్యేట్టుంటే ఇంకొకరినైనా పంపు.

వాళ్ల మాట అందకపోతే

మాస్ దెస్పాథియో, పోర్ ఫబోర్.
కాస్త నిదానంగా చెప్పండి.

అర్థం కాకుండా సీ, సీ అని తలూపొద్దు. మందుల విషయం, ఎలర్జీ విషయం అయితే భాష వచ్చినవాళ్లను పిలువు.

రాత్రి లైటు తీసేటప్పుడు

కె దెస్కాన్సె.
హాయిగా పడుకోండి.

ఇంటికి వెళ్లేటప్పుడు

కె సె మెఖోరె.
త్వరగా కోలుకోండి.