డ్రైవింగ్ థియరీ పాసైన స్వాతికి

స్వాతీ, కంగ్రాట్స్ వే! 50కి 47, హజార్డ్ క్లిప్పుల్లో 75కి 58! నీ మెసేజ్ చూసి బస్సులో పైకే నవ్వేశాను, పక్కనావిడ అదోలా చూసింది. పాపని పడుకోబెట్టి, అర్ధరాత్రి దాకా హైవే కోడ్ ముందేసుకుని కూర్చున్నందుకు ఫలితం దక్కింది.

ఇక ప్రాక్టికల్. ఈ రోజే డేట్ బుక్ చేసెయ్. థియరీ పాస్ రెండేళ్లే చెల్లుతుంది, ఇక్కడ యూకేలో స్లాట్ దొరకడమంటే తిరుపతి దర్శనం టికెట్లే.

నువ్వు విజయవాడలో ఐదేళ్లు కారు నడిపావు కదా, నాకు అదే భయం. మొదటిసారి నేను ఫెయిలయింది అందుకే. అరగంట పైన అంతా బాగానే నడిచింది. ఒక జీబ్రా క్రాసింగ్ దగ్గర కుక్కని పట్టుకుని ఒక పెద్దాయన ఒక కాలు కిందికి దింపాడు. మన ఊళ్లో అయితే ఆయనే ఆగుతాడు. ఆగుతాడులే అని నేను పోనిచ్చాను. టక్కున కారు ఆగిపోయింది, ఎగ్జామినర్ తన వైపు బ్రేకు తొక్కేశాడు. చిన్న తప్పులు 15 దాకా క్షమిస్తారు, ఇలాంటిది ఒక్కటి పడితే చాలు, ఇంటికే. మిగతా పది నిమిషాలూ ఏడుపు ఆపుకుంటూ నడిపాను.

పెట్రోలు కలిసొస్తుందని పల్లంలో న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఉంటే ఇప్పుడే మానెయ్. అద్దాలు చూస్తే సరిపోదు, చూస్తున్నట్టు ఎగ్జామినర్‌కి తెలియాలి, కాస్త తల తిప్పు. బయల్దేరే ముందు కుడి భుజం మీదుగా వెనక్కి ఒక చూపు. రౌండబౌట్‌లో కుడి నుంచి వచ్చేవాళ్లకి దారి ఇవ్వు, అలాగని ఖాళీగా ఉన్నా గుడి ముందు నిలబడ్డట్టు నిలబడకు, దానికీ తప్పు వేస్తారు. బండి ఆగిపోతే కంగారు పడకు, హ్యాండ్‌బ్రేక్ వేసి మళ్లీ స్టార్ట్ చెయ్. శాట్‌నావ్ చెప్పిన దారి తప్పినా ఫెయిల్ చెయ్యరు, తప్పు దారిలోనే పద్ధతిగా పో.

మొదట 20 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు చదవమంటారు. కళ్లజోడు మర్చిపోయావో, అక్కడితో సరి! ప్రొవిజనల్ లైసెన్సు ముందు రోజే బ్యాగులో వేసుకో.

పక్కన కూర్చుని ప్రాక్టీస్ చేయిద్దామంటే నాకు లైసెన్సు వచ్చి మూడేళ్లు నిండాలట, ఇంకా ఏడాదిన్నరే అయింది. కానీ శనివారం పొద్దున్నే వస్తాను. మీ కారు బానెట్ తెరిచి ఇంజన్ ఆయిల్ ఎక్కడ చూడాలి, టైర్లో గాలి ఎంతుండాలో ఎలా తెలుస్తుంది, అన్నీ నేనే ఎగ్జామినర్‌లా మొహం పెట్టి అడుగుతాను. ఫీజుగా పులిహోర, అందులో పల్లీలు ఎక్కువ వెయ్యి.