బోర్డర్ షుగర్ ఉన్నవాళ్లకు నడక మేలా, మాత్ర మేలా? చెన్నై పరిశోధన ఏం చెప్పింది

గ్లూకోజ్ నీళ్లు తాగి రక్తపరీక్ష చేయించుకుని, ‘బోర్డర్‌లో ఉంది’ అన్న మాట విన్నవాళ్ల కోసం ఈ కాగితం.

కొద్ది మాటల్లో

బోర్డర్ షుగర్ ఉన్న 531 మందిని సుమారు మూడేళ్ల పాటు గమనించారు. మామూలు సలహా మాత్రమే అందుకున్నవాళ్లలో నూటికి 55 మందికి షుగర్ జబ్బు వచ్చింది. రోజూ నడిచి, తిండి మార్చుకున్నవాళ్లలో నూటికి 39 మందికి వచ్చింది. షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర చిన్న మోతాదులో వాడినవాళ్లలోనూ ఇంచుమించు అంతే. నడకా మాత్రా రెండూ కలిపినా అంతకు మించి లాభం కనబడలేదు.

ఇంకాస్త తెలుసుకోవాలనుకుంటే కింద చదవండి.

ఎవరి మీద చేశారు

ఈ పరిశోధన పేరు ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసింది. ఫలితాలు 2006లో డయాబెటాలజియా అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఇందులో చేరినవాళ్లు 35 నుంచి 55 ఏళ్ల లోపువాళ్లు, ఎక్కువగా ఉద్యోగులు, వాళ్ల ఇంటివాళ్లు. మగవాళ్లు 421 మంది, ఆడవాళ్లు 110 మందే. ఎవరికీ అప్పటికి షుగర్ జబ్బు లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటల తర్వాత చూస్తే మాత్రం షుగర్ 140కీ 199కీ మధ్య ఉంది. ఒక్కసారి చూసి తీసుకోలేదు, రెండోసారి పరీక్షలోనూ అలాగే వచ్చినవాళ్లనే చేర్చుకున్నారు.

మీ రిపోర్టులో ఉన్నది పరగడుపు షుగరో, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీయో అయితే ఈ అంకెలు మీకు అచ్చంగా అలాగే వర్తిస్తాయని అనుకోకండి. ఒక పరీక్షలో బోర్డర్ అని తేలినవాళ్లు మరో పరీక్షలో మామూలుగా ఉండొచ్చు.

ఏం చేశారు

చీటీలు తీసినట్టు నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు ఆరోగ్య సలహా. రెండో గుంపుకు నడక, తిండి మార్పు. మూడో గుంపుకు మాత్ర. నాలుగో గుంపుకు ఆ రెండూ.

నడక అంటే రోజూ కనీసం అరగంట, చురుగ్గా. అప్పటికే శ్రమ పని చేసేవాళ్లను, రోజూ అరగంటకు మించి నడిచే లేదా సైకిల్ తొక్కేవాళ్లను ఉన్నది మానకుండా కొనసాగించమన్నారు. తిండి విషయంలో మొత్తం మీద తినేది తగ్గించడం, పంచదార మానడం, పాలిష్ పట్టిన ధాన్యం, మైదా, నూనెలు తగ్గించడం, పీచు ఎక్కువుండేవి పెంచడం. మన ఇళ్లలో అది తెల్లన్నం ఒక గరిటె తగ్గించి కూర, పప్పు పెంచడంతో మొదలవుతుంది. సలహా ఒకసారి చెప్పి వదిలేయలేదు. ఫోన్ చేసి అడుగుతూ, ఆర్నెల్లకోసారి పిలిచి మాట్లాడుతూ వచ్చారు. ఇది చిన్న విషయం కాదు: గుర్తుచేసే మనిషి లేకపోతే ఇదే సలహా ఇంతగా పనిచేస్తుందని ఈ పరిశోధన చెప్పలేదు.

మాత్ర మోతాదు 250 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు. ఎక్కువ మోతాదు ఇచ్చి చూసినప్పుడు కొందరిలో షుగర్ పడిపోయిన లక్షణాలు కనిపించడంతో ఇక్కడ ఆగారు.

ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలి

వార్తల్లో ‘నడకతో 28 శాతం తగ్గిన షుగర్ ముప్పు’ అని చదివి ఉంటారు. ఆ మాట నిజమే కానీ, దాన్ని వందమందిలో 28 మంది తప్పించుకున్నారని అనుకుంటే పొరపాటు. 55 మందికి రావాల్సింది 39 మందికి వచ్చింది. అంటే వందలో 16 మంది ఆ మూడేళ్లలో తప్పించుకున్నారు. ఆ 16, 55లో 28 శాతం పైచిలుకు. మరోలా చెబితే, సుమారు ఆరుగురు మూడేళ్లు పట్టుగా పాటిస్తే ఒకరికి షుగర్ రాకుండా ఆగింది. జబ్బును ఆపే ప్రయత్నాల్లో ఇది మంచి లెక్కే.

మాత్ర వాడిన గుంపులో నూటికి 40 లేదా 41 మందికి, రెండూ చేసిన గుంపులో 39 లేదా 40 మందికి షుగర్ వచ్చింది. ఈ మూడు గుంపుల మధ్య తేడా ఉందని చెప్పలేం. కాబట్టి ‘నడుస్తున్నాను కదా, మాత్ర కూడా మొదలెడితే రెట్టింపు లాభం’ అన్న లెక్క ఇక్కడ నిలవలేదు.

అందరూ అడగని ఒక సంగతి ఉంది. నడక గుంపులో బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, అయినా మేలు జరిగింది. అమెరికాలో 2002లో వచ్చిన ఇలాంటి పెద్ద పరిశోధనలో నడక, తిండి మార్పుతో ముప్పు 58 శాతం తగ్గింది. అయితే అక్కడివాళ్లు చాలా లావు, బరువులో 7 శాతం తగ్గడం వాళ్ల లక్ష్యం. మనవాళ్లు సన్నగా ఉన్నా షుగర్ బారిన పడతారు. కాబట్టి నెల రోజులు నడిచినా త్రాసు ముల్లు కదల్లేదని నడక మానేయకండి.

ఈ పరిశోధన చెప్పనివి

మూడేళ్ల తర్వాత ఏమవుతుందో ఇందులో లేదు. షుగర్ ఎప్పటికీ రాకుండా ఆగిందా, కొంతకాలం వాయిదా పడిందా అన్నది దీంతో తేలదు. గుండెపోటు, కిడ్నీ, కంటి ఇబ్బందులు తగ్గాయో లేదో చూడలేదు. ఆడవాళ్లు తక్కువ. 55 దాటినవాళ్లు, గర్భిణులు ఈ లెక్కలో లేరు. పల్లెల్లో పొలం పని చేసేవాళ్ల గురించీ పెద్దగా చెప్పలేం.

ఇంకొకటి. నడిచిన గుంపులో కూడా నూటికి 39 మందికి షుగర్ వచ్చింది. రోజూ నడుస్తున్నాం కదా అని పరీక్ష ఎగ్గొట్టకండి. పరిశోధనలో ప్రతి ఆర్నెల్లకూ చూశారు. మీకు ఎప్పుడు చూడాలో డాక్టరు చీటీలో రాస్తారు. ఈలోగా దాహం బాగా పెరిగినా, రాత్రిళ్లు మాటిమాటికీ ఒంటేలుకు లేవాల్సి వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గిపోతున్నా తారీఖు కోసం ఆగకుండా రండి.

మాత్ర సంగతి

ఇది చదివి మెడికల్ షాపులో మెట్‌ఫార్మిన్ కొనుక్కోకండి, ఇంట్లో ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరు మింగకండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ మందు ఇవ్వరు, అందుకే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూస్తారు. మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు కావచ్చు, భోజనంతో పాటు వేసుకుంటే తగ్గుతాయి. ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు.

ఇప్పటికే డాక్టరు మీకు ఈ మాత్ర రాసి ఉంటే, ఈ కాగితం చూసి మానేయకండి. కొందరికి నడక కుదరదు, కొందరికి ముప్పు మరీ ఎక్కువ. మీకు ఎందుకు రాశారో వచ్చేసారి అడగండి. మోకాళ్ల నొప్పి ఉంటే నడకకు బదులు ఏం చేయొచ్చు, మీ ఇంట్లో వండే తిండిలో ముందు ఏది తగ్గించాలి అనేవి కూడా అప్పుడే అడగండి. రిపోర్టులన్నీ, పాతవి కూడా, వెంట తెచ్చుకోండి.