అమ్ములూ, నీకు పదహారేళ్లు!

ముక్తేశ్వరం
10 ఆగస్టు 2025

అమ్ములూ,

పద్నాలుగో తారీకుకి నీకు పదహారు నిండుతాయి. పుట్టినరోజు శుభాకాంక్షలు నా బంగారు తల్లీ! నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి నువ్వు. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మా, మామయ్యా మధ్యలో దూరి నన్ను మాట్లాడనివ్వరు. అందుకే కాగితం మీద పెట్టాను. ఇది నీకొక్కదానికే.

నువ్వు పుట్టింది కృష్ణాష్టమి నాడు. ఆ పొద్దున గుమ్మంలో కృష్ణుడి పాదాలు వేద్దామని పిండి కలిపి పెట్టుకున్నాను. ఇంతలో మీ అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. గిన్నె అక్కడే వదిలేసి కారెక్కాం. సాయంత్రం నిన్ను చేతుల్లో పెట్టారు. నిజం పాదాలే చూశాను కదా! ఒక్కోటి నా బొటనవేలంత ఉంది. అప్పటి నుంచి ఏటా అష్టమికి ముగ్గు వేసేటప్పుడు పిడికిలి పిండిలో ముంచగానే నువ్వే గుర్తొస్తావు. తిథి లెక్కన ఈసారి ఇంకో రెండు రోజులు ఆగాలి. ఆగుతాను, రెండు రోజులూ నీకు పుట్టినరోజే అనుకుంటాను.

ఈ ఎండాకాలం నువ్వు జుట్టు పొట్టిగా కత్తిరించుకుని పంటు దిగావు. రేవులో అందరూ ‘అయ్యో అంత జడ!’ అన్నారు. నువ్వు నా ముఖం వంక చూశావు, ఏమంటానో అని. అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నా. నీ మెడ వెనక పుట్టుమచ్చ ఉంది చూడు, నువ్వుగింజంత, దాన్ని చూసి ఎన్నేళ్లయిందో! పురిటి రోజుల్లో కాళ్లు చాపుకుని నిన్ను బోర్లా పడుకోబెట్టి స్నానం చేయించేటప్పుడు రోజూ ముందు దాని మీదే చెయ్యి వేసేదాన్ని. తరవాత జుట్టు పెరిగి కప్పేసింది. ఆ రోజు రేవులో నువ్వు సంచీ తీసుకోవడానికి వంగితే మళ్లీ కనిపించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నువ్వేమో జడ పోయినందుకు అనుకుని ఉంటావు. కాదమ్మా. ఆ జుట్టు నీకు ఎంతో బాగుంది. పెంచుకున్నా బాగుంటుంది, నీ ఇష్టం.

నువ్వు ఉన్న ఆ ఇరవై రోజులూ నాకు పండగే. రాత్రి కరెంటు పోతే అరుగు మీద నా పక్కన చేరి, మీ కాలేజీ కబుర్లన్నీ చెప్పావు. ఎవరితో స్నేహం, ఎవరితో పడట్లేదు, ల్యాబ్‌లో ఎంత టెన్షన్ పడ్డావో, అన్నీ. నాకు పేర్లు కలిసిపోయి మళ్లీ మళ్లీ అడిగినా విసుక్కోకుండా చెప్పావు. ఇంత పెద్దదానివి అయ్యాక కూడా నా దగ్గర కూర్చుని మాట్లాడాలనిపిస్తుంది చూడు నీకు, అదే నాకు చాలా గొప్ప.

ఇక కానుక సంగతి. డబ్బాలో రెండు పొట్లాలున్నాయి. పెద్దది ఆత్రేయపురం పూతరేకులు, బెల్లంవి, నీకు నచ్చినట్టు నెయ్యి బాగా వేయించాను. చిన్నది జాగ్రత్తగా విప్పు.

అది తాతయ్య హెచ్‌ఎంటీ వాచీ. కొబ్బరికాయలు అమ్మిన డబ్బుతో కొనుక్కున్నారు, మా పెళ్లయిన కొత్తలో. 86 వరదల్లో ఇంట్లోకి నడుం లోతు నీళ్లొస్తే, మూడేళ్ల మీ అమ్మని భుజాన ఎక్కించుకుని డాబా మీదికి చేర్చారు. ఆ నీళ్లలో వాచీ ఆగిపోయింది. కొత్తది కొనమంటే వినలేదు, అమలాపురం తీసుకెళ్లి బాగు చేయించుకొచ్చారు. అద్దం లోపల ఆరు అంకె పక్కన గోధుమరంగు మరక కనిపిస్తుంది, అది గోదారి నీరే.

తాతయ్య పోయాక ఈ నాలుగేళ్లూ పొద్దున కాఫీ కాగానే నేనే దానికి కీ ఇస్తున్నాను. మొన్న వేసవిలో రెండో రోజు నుంచీ నాకంటే ముందే లేచి నువ్వు ఇచ్చేదానివి. ఇచ్చాక చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుని నిలబడేదానివి. వంటింట్లోంచి చూస్తూ ఉండేదాన్ని. ఒక్కరోజు కూడా నువ్వు ‘నాకిస్తావా అమ్మమ్మా’ అని అడగలేదు. అది నీ దగ్గర ఉంటేనే తాతయ్యకి సంతోషం, నాకూను.

పట్టీ నీ చేతికి వదులవుతుందని ఇంకో మూడు బెజ్జాలు వేయించాను. కీ మెల్లగా తిప్పు, బిగుసుకుందనగానే ఆపెయ్. మర్చిపోతే ఆగిపోతుంది, ఏం పర్లేదు, మళ్లీ తిప్పితే నడుస్తుంది. నీళ్లు మాత్రం తగలనివ్వకు, దానికి ఒక్క వరద చాలు.

గురువారం పొద్దున అమ్మ హారతి ఇచ్చాక వీడియో కాల్ చెయ్. మాట్లాడే ముందు వాచీ ఫోన్ దగ్గర పెట్టు, ఒకసారి వింటాను.

ముద్దులతో,
నీ అమ్మమ్మ