చట్టపరమైన చర్యకు ముందు తుది నోటీసు

చెన్నై, 16 ఫిబ్రవరి 2026
రిజిస్టర్డ్ పోస్టు ద్వారా

మిఠాయి దుకాణం యజమాని గారికి,
త్యాగరాయనగర్, చెన్నై.

విషయం: దీపావళి అట్టపెట్టెల సరఫరాకు రావలసిన రూ. 3,12,100 బాకీ

అయ్యా,

ఈ నెల 9న పంపిన నోటీసుకు బదులుగా దీనినే మా తుది నోటీసుగా స్వీకరించవలసిందిగా కోరుతున్నాము. బాకీ మొత్తంలో మార్పు లేదు.

మీ ఆర్డరు ప్రకారం 2025 సెప్టెంబరు 25, అక్టోబరు 6, అక్టోబరు 14 తేదీలలో మూడు విడతలుగా పెట్టెలు అందజేశాము. వాటి బిల్లులు జీఎస్టీతో కలిపి వరుసగా రూ. 1,46,200, రూ. 1,62,400, రూ. 1,10,000, వెరసి రూ. 4,18,600. సరుకు అందిన 30 రోజులలో చెల్లించాలన్నది మీ ఆర్డరులోనే ఉన్న షరతు కాబట్టి, చివరి బిల్లు గడువు సైతం నవంబరు 13తో ముగిసింది. నవంబరు 28న మీరు పంపిన లక్ష రూపాయలను జమ కట్టుకున్నాము. మూడవ విడతలో కొన్ని పెట్టెల మూతలపై రంగు అలికిపోయిందని మీరు ఫోనులో చెప్పినప్పుడు, వాటిని తిరిగి తీసుకుని రూ. 6,500కు క్రెడిట్ నోట్ ఇచ్చాము. పండుగ రద్దీలోనూ ఆ లోపాన్ని మీరు వెంటనే తెలియజేశారు. ఆ తరువాత సరుకు గురించి మరే ఫిర్యాదూ మాకు అందలేదు.

మిగిలిన రూ. 3,12,100ను మార్చి 9, సోమవారం సాయంత్రం 5 గంటల లోపు, ఇంతకుముందు మీరు చెల్లించిన బ్యాంకు ఖాతాకే జమ చేయవలసిందిగా కోరుతున్నాము. ఒకేసారి చెల్లించడం కష్టమైతే, సగం ఆ తేదీకి, తక్కినది మార్చి 31కి చెల్లిస్తామని ఫిబ్రవరి 27లోగా రాతపూర్వకంగా తెలియజేయండి. అందుకు మాకు అభ్యంతరం లేదు. ఈ రెండు పద్ధతులలో దేని ప్రకారం చెల్లించినా వడ్డీ అడగము. లెక్కలో తేడా ఉందనుకుంటే, ఏ బిల్లులో ఎంతో ఫిబ్రవరి 27లోగానే రాయండి, మా రిజిస్టరుతో సరిచూసి బదులిస్తాము.

పైన చెప్పిన గడువులలో చెల్లింపు గానీ ఉత్తరం గానీ అందకపోతే, ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న తయారీ సంస్థగా మేము 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం 18వ సెక్షన్ కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేస్తాము. అక్కడ మొదట రాజీ ప్రయత్నం జరుగుతుంది. అది ఫలించకపోతే విషయం మధ్యవర్తి తీర్పుకు వెళుతుంది. అప్పుడు 16వ సెక్షన్ ప్రకారం, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలుకు కలిసే చక్రవడ్డీని కూడా కోరతాము. ఈలోగా మీ దుకాణానికి వసూలుకు మనుషులను పంపడం గానీ, బజారులో ఇతరులతో ఈ బాకీ ప్రస్తావించడం గానీ మా వైపు నుంచి జరగదు.

ఇట్లు,
యజమాని,
అట్టపెట్టెల తయారీ సంస్థ,
అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్, చెన్నై.

జతపరచినవి: ఆర్డరు, మూడు బిల్లులు, సరుకు అందినట్టు మీ గోదాములో సంతకం చేసిన చలాన్లు, క్రెడిట్ నోట్ నకళ్లు.