మూడో అంతస్తు లేడీస్ టాయిలెట్లు బాగు చేయించమని వినతి

విజయవాడ,
14 జూలై 2025, సోమవారం

సెక్రటరీ గారికి,
ఓనర్స్ అసోసియేషన్ ఆఫీసు, గ్రౌండ్ ఫ్లోర్.

విషయం: జూన్ 17 నుంచి తాళం వేసి ఉన్న మూడో అంతస్తు కామన్ టాయిలెట్ల మరమ్మతు, అప్పటిదాకా తాత్కాలిక ఏర్పాటు గురించి.

సెక్రటరీ గారూ, నమస్కారం.

నేను మూడో అంతస్తు 307లో మగ్గం వర్క్ చేయిస్తున్నాను. ఆరేళ్ళుగా మన కాంప్లెక్స్‌లోనే ఉన్నాను. ఈ విషయం మీకు రెండుసార్లు ఫోన్లో చెప్పాను, మేనేజర్ గారికి ఎదురుగా చెప్పాను, 7వ తేదీన వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. "మీటింగ్‌లో చూద్దాం" అని జవాబు వచ్చింది. ఆ మీటింగ్ ఆగస్టు 3న. అంతవరకు ఆగే పరిస్థితి మాకు లేదు. గ్రూపులో నాలుగు ముక్కల్లో చెప్పలేకపోయినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. ఉదయం పదికి వచ్చి సాయంత్రం ఆరున్నరకు వెళ్తారు. మన ఫ్లోర్‌లో టాయిలెట్లకు తాళం పడ్డాక వాళ్ళకు వెళ్ళడానికి చోటు లేదు. రెండో అంతస్తు టాయిలెట్ అక్కడి ఒక ఆఫీసు వాళ్ళ గ్లాసు డోర్ లోపల ఉంది. నాలుగో అంతస్తుది కోచింగ్ సెంటర్ వాళ్ళ తాళంలో ఉంది. సెల్లార్‌లో పార్కింగ్ పక్కన ఉన్నది మగవాళ్ళకు మాత్రమే. అందుకని మా వాళ్ళు మూడు అంతస్తులు దిగి, రోడ్డు దాటి, మూలమీద పెట్రోల్ బంకుకు వెళ్తున్నారు. ఒంటరిగా వెళ్ళడానికి భయపడి ఇద్దరిద్దరుగా వెళ్తారు. అక్కడ లారీ డ్రైవర్లు క్యూలో ఉంటే బయట నిలబడాలి. పోయి రావడానికి ఇరవై ఐదు నిమిషాలు పడుతోంది.

మొహమాటపడుతూనే ఈ మాట రాస్తున్నాను. మా షాపులో గోడవారగా ఎనిమిది స్టీలు బాటిళ్ళు వరసగా పెట్టుకుంటారు. ఇదివరకు మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేవి, మళ్ళీ నింపుకునేవాళ్ళు. ఇప్పుడు సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు చూస్తే నిండుగానే ఉంటున్నాయి. నీళ్ళు తాగితే బంకుకు వెళ్ళాల్సి వస్తుందని తాగడం మానేశారు. పోయిన వారం ఒక అమ్మాయికి మూత్రంలో మంట వచ్చి, జ్వరం కూడా తగిలి నాలుగు రోజులు రాలేదు. నీళ్ళు సరిగ్గా తాగకపోవడం, ఆపుకోవడం వల్లేనని డాక్టరు చెప్పారట. తిరిగి వచ్చిన రోజు నాతో, "అక్కా, పని మానేద్దామనుకున్నా, కానీ ఇల్లు గడవాలి" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇంకో అమ్మాయికి ఐదో నెల. ఆ మెట్లు దిగి ఎక్కవద్దని నేనే ఇంటికి పంపేశాను. సగం కూలీ ఇస్తున్నాను, అయినా తన కష్టం తీరదు కదా.

ఇక పని సంగతి. మగ్గం పని మధ్యలో వదిలి లేచి, వచ్చి అందుకునే పని కాదు. చెక్క ఫ్రేముకు బట్ట బిగించి ఒక్కో మగ్గం మీద ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. పైనుంచి ఆరీ సూది దింపి, బట్ట అడుగున రెండో చేత్తో జరీ దారం అందిస్తూ పోవాలి. కుట్టు ఒకే బిగువులో సాగాలి. మధ్యలో లేస్తే దారం ముడి వేసి తెంపాలి, వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ చోట కుట్టు వదులైతే కుందన్లు నిలవవు. కస్టమర్లు చూసేది కూడా వెనక మెడ దగ్గర ఆ కుందన్ల వరసనే.

లెక్క చెబుతాను. ఎనిమిది మంది రోజుకు రెండుసార్లు వెళ్ళినా, ఒక్కోసారి ఇరవై ఐదు నిమిషాల చొప్పున 400 నిమిషాలు, అంటే 6 గంటల 40 నిమిషాలు పోతోంది. జూన్ 17 నుంచి మొన్న శనివారం దాకా, ఆదివారాలు తీసేస్తే 23 పని దినాలు. మొత్తం 153 గంటలు దాటింది. ఒక మనిషి 19 రోజులు చేసే పని అది. భారీ పెళ్ళి బ్లౌజు ఒక్కరు చేస్తే ఆరేడు రోజులు పడుతుంది, అంటే మూడు పెళ్ళి బ్లౌజుల పని గాల్లో కలిసిపోయింది. సెలవు పెట్టిన వాళ్ళ రోజులు ఇందులో కలపలేదు. ఇప్పటికే రెండు ఆర్డర్లు వెనక్కి పోయాయి, అడ్వాన్సు తిరిగి ఇచ్చాను.

ఆషాఢంలో షాపులకు గిరాకీ ఉండదని మామూలుగా అంటారు. మా పనిలో అది తలకిందులు. శ్రావణంలో పెళ్ళిళ్ళు పెట్టుకున్నవాళ్ళు బట్టలు ఇచ్చేది ఇప్పుడే. ఈ నెల 25న శ్రావణం మొదలు, ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. ఆ రెండు వారాల్లో అమ్మలు, పిల్లలు, పెళ్ళికూతుళ్ళు ట్రయల్‌కు వచ్చి గంటలు గంటలు కూర్చుంటారు. మొన్న ఒకావిడ చిన్న పాపతో వచ్చి "బాత్రూం ఎక్కడండీ" అని అడిగితే తాళం వేసిన తలుపు చూపించాను. ఆవిడ కొలతలు ఇవ్వకుండానే వెళ్ళిపోయింది.

తాళం ఎందుకు వేశారో నాకు తెలుసు. కింది షాపులో సీలింగ్ నుంచి నీరు కారి సరుకు పాడైంది. అది ఆయనకు నష్టమే, ఆయన ఫిర్యాదులో తప్పులేదు. కానీ అసలు లోపం ఎక్కడుందో జూన్ 24నే తేలిపోయింది. ఆ రోజు ప్లంబర్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఒక్కో టాయిలెట్‌లో విడివిడిగా బకెట్ నీళ్ళలో నీలిమందు కలిపి పోశాడు. మగవాళ్ళ టాయిలెట్‌లో పోసిన నీళ్ళకు కింద చుక్క కూడా రాలేదు, ఎందుకంటే దాని లైను వెనక వైపు డక్టులోకి వెళ్తుంది. లేడీస్ మొదటిదానిలో పోసిన ఇరవై నిమిషాలకు కింది సీలింగ్ మీద నీలం మరక కనిపించింది. రెండు లేడీస్ టాయిలెట్ల నీళ్ళూ కలిసే నాలుగంగుళాల పైపు డక్టులో జాయింటు దగ్గర పగిలిందని, మొదటిదానిలో బేసిన్ కింద వాటర్‌ప్రూఫింగ్ కూడా పోయిందని అతను చెప్పాడు. లోపం లేడీస్ వైపే ఉందని అంత స్పష్టంగా తేలాక మూడింటికీ తాళం ఎందుకు ఉండాలో నాకు అర్థం కావడం లేదు.

కాబట్టి మొదట అడిగేది ఇది. లోపం లేని ఆ మగవాళ్ళ టాయిలెట్‌ను ఈ రోజే తెరిచి, పని పూర్తయ్యేదాకా ఆడవాళ్ళకు కేటాయించండి. మన ఫ్లోర్‌లో ఉన్న మిగతా ఐదు షాపుల మగవాళ్ళతో మాట్లాడాను, వాళ్ళు సెల్లార్‌ది వాడుకుంటామన్నారు. లోపల గడియ సరిగ్గా పడటం లేదు, బల్బు లేదు. ఆ రెండూ నేనే పెట్టించుకుంటాను. తాళం చెవులు రెండు చేయించి ఒకటి మా షాపులో, ఒకటి వాచ్‌మన్ బాబాయి దగ్గర ఉంచితే చాలు. శుభ్రం చేసే మనిషి రోజుకు రెండుసార్లు వచ్చేలా చెప్పండి.

రెండోది అసలు మరమ్మతు. ప్లంబర్ 42,000 రూపాయలు అవుతుందన్నాడు. డక్టులో మనిషి దిగడానికి కర్రలు కట్టాలి, పగిలిన పైపు ముక్క మార్చాలి, బేసిన్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేసి టైల్స్ వేయాలి. ఆ డబ్బు మూడో అంతస్తు షాపులే పెట్టుకోవాలని మేనేజర్ గారు అన్నారు. అది న్యాయం కాదండీ. డక్టు పైపు కాంప్లెక్స్‌ది. మా లీజు కాగితంలో లిఫ్టు, మంచినీళ్ళతో పాటు కామన్ టాయిలెట్లు కూడా మెయింటెనెన్స్ కిందే రాసి ఉన్నాయి. నా 420 చదరపు అడుగులకు అడుగుకు 4 రూపాయల చొప్పున నెలకు 1,680 కడుతున్నాను. ఈ నెలది కూడా 5వ తేదీనే కట్టాను, రసీదు ఉంది. ఇది మెయింటెనెన్స్ ఫండ్ నుంచే జరగాల్సిన పని.

ఫండ్‌లో ప్రస్తుతం డబ్బు తక్కువగా ఉందంటే పని ఆగకూడదు. నేను 10,000 ముందుగా ఇస్తాను, వచ్చే నెలల మెయింటెనెన్స్‌లో సర్దుబాటు చేసుకోండి. ఆ మాట కాగితం మీద రాసి ఇస్తే చాలు.

పని ఈ ఆదివారం, 20న మొదలుపెట్టి 24లోపు పూర్తి చేయించండి. టైల్స్ పగలగొట్టే పని ఆదివారమే చేయిస్తే మంచిది. మా గుమ్మం టాయిలెట్లకు పది అడుగుల దూరంలో ఉంది. సిమెంటు దుమ్ము పట్టుబట్ట మీద పడితే దులిపినా పోదు, జరీ నల్లబడుతుంది. అందుకే మామూలు రోజుల్లో కొట్టాల్సి వస్తే ముందు రోజు సాయంత్రం చెప్పండి, మగ్గాలన్నీ కప్పేసుకుంటాం. ఇంకొక్క మాట. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందే ఒక రోజంతా నీళ్ళు నింపి ఉంచి, కింది షాపు ఆయనను పిలిచి సీలింగ్ చూపించండి. తడి లేదని ఆయన ఒప్పుకున్నాకే టైల్స్ వేయించండి. లేకపోతే రెండు నెలలకు మళ్ళీ ఇదే గొడవ, మళ్ళీ ఇదే తాళం.

తాత్కాలిక టాయిలెట్ గురించి ఈ రోజే, పని తేదీల గురించి గురువారం 17లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. గురువారానికి ఏదీ తేలకపోతే ఆగస్టు దాకా ఆగకుండా వెంటనే అత్యవసర మీటింగ్ పెట్టమని కోరుతూ ఈ ఉత్తరం మీద మన ఫ్లోర్ ఆరు షాపుల వాళ్ళం సంతకాలు చేసి మళ్ళీ ఇస్తాం. ముగ్గురు ఇప్పటికే సరేనన్నారు.

మీరు ఒకసారి పైకి వస్తే డక్టు, టాయిలెట్లు దగ్గరుండి చూపిస్తాను. ఉదయం పది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఎప్పుడైనా షాపులోనే ఉంటాను. మా దగ్గర పనిచేసేవాళ్ళతో కూడా మాట్లాడండి, నేను రాయలేనివి కూడా వాళ్ళు చెబుతారు.

జతపరచినవి: ప్లంబర్ ఎస్టిమేట్ కాపీ, కింది సీలింగ్ మీద నీలం మరక ఫోటో, జూలై మెయింటెనెన్స్ రసీదు కాపీ.

ఇట్లు,
పద్మజ
షాపు నం. 307, మూడో అంతస్తు

కాపీ: మేనేజర్ గారికి