విడవలూరు చెరువుల పాత రిపోర్టులు

పెంచలయ్యన్నకు నమస్కారం.

నేను కోవూరు నీళ్ళ ల్యాబ్ సుధాకర్‌ని. ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను.

పాత ఫైళ్ళన్నీ కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే, రామతీర్థం రోడ్డు పక్క మీ నాలుగు రొయ్యల చెరువుల నీళ్ళ రిపోర్టులు కనిపించాయి. మూడు పంటలవీ వరసగా ఉన్నాయి. మీరు డబ్బు పెట్టి చేయించుకున్న పరీక్షలు, మీ దగ్గరే ఉండాల్సిన కాగితాలు. అన్నీ ఒకే పీడీఎఫ్ చేసి దీంతోపాటే పంపుతున్నాను.

అందులో మూడో చెరువు సంగతి ఒకటి చెప్పాలి. వానలు పడ్డ ప్రతిసారీ అక్కడ సాలినిటీ 8 దాకా దిగింది, ఆల్కలినిటీ 90 దగ్గరే ఆగిపోయింది, మెగ్నీషియమూ తక్కువే. పక్కనే ఉన్న మిగతా మూడింట్లో ఇలా లేదు. మోల్టింగ్ అయ్యాక పెంకు గట్టిపడటానికి రొయ్య ఈ ఖనిజాలు చాలావరకు నీళ్ళలోంచే తీసుకోవాలి కదా. మీరు లూజ్ షెల్ అని పట్టుకొచ్చిన రొయ్యలు ఎక్కువగా ఆ చెరువువే. మూడు పంటలూ పక్కపక్కన పెడితేగానీ తెలిసే విషయం కాదిది. పిల్ల వేయకముందే అక్కడ ఒకసారి ఆల్కలినిటీ, మినరల్స్ చూసుకుంటే మంచిది. చెరువు ఎండగట్టే పనుంటే అడుగు మట్టి కూడా. ఈహెచ్‌పీ రోగం పిల్లతోనే రావాలని లేదు, పాత మట్టిలోంచీ వస్తుంది.

ఈ పరీక్ష మా దగ్గరే చేయించాలని కాదన్నా. మీకు దగ్గర్లో వేరే ల్యాబ్ కుదిరి ఉంటే ఈ పాత లెక్కలు వాళ్ళకిచ్చినా పనికొస్తాయి.

2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కాక మన వైపు పిల్ల వేయాలంటే అందరూ ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. కొందరు చెరువు ఖాళీగా ఉంచారు, కొందరు చేపకు మారారు. మీరు ఏది చేసినా మీ లెక్క మీకుంటుంది. చేప వేసి ఉంటే పైన రాసిన లూజ్ షెల్ గొడవ వదిలేయండి, ఆల్కలినిటీ ఒక్కటి చూసుకోండి.

అన్నట్టు, మీ ఖాతా పోయినసారే చెల్లయిపోయింది. మా పుస్తకంలో మీ పేరు మీద రూపాయి కూడా లేదు.

మంగళ, శుక్రవారాల్లో మా కుర్రాడు శాంపిల్స్ కోసం విడవలూరు వస్తుంటాడు. మూడో చెరువు నీళ్ళు చూడాలనుకుంటే ముందు రోజు 'సీసా' అని ఒక్క మాట పెట్టండి, గట్టు మీదికే వచ్చి పట్టుకొస్తాడు. అవసరం లేకపోతే దీనికి బదులు రాయాల్సిన పనేమీ లేదు. రిపోర్టులు మాత్రం ఫోన్‌లో దాచిపెట్టుకోండి.

ఉంటానన్నా,
సుధాకర్
కోవూరు